క్రంచెస్ ఒక్కటే చాలదు: పొట్ట బిగించడం, బరువు మోయడం, తిరగకుండా ఆపడం

ఆరు నెలల పాటు రోజూ వంద క్రంచెస్ చేశాను, ఒక్కరోజు కూడా ఎగ్గొట్టకుండా. ఆ తర్వాత ఒకరోజు నీళ్లు నిండిన బకెట్‌ని కుడిచేత్తో ఎత్తి, అలాగే పక్కకి తిరిగి గట్టు మీద పెట్టబోతుంటే నడుము పట్టేసింది. వారం రోజులు చెప్పులు వేసుకోవాలన్నా కూర్చోవాల్సి వచ్చింది. వంద క్రంచెస్ లాగేసే పొట్ట ఒక్క బకెట్ దగ్గర ఎందుకు చేతులెత్తేసిందో అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది.

సంగతి ఏమిటంటే, క్రంచ్ నేర్పేది ముందుకి వంగడం. బకెట్ మోసేటప్పుడు పొట్ట, నడుము చేయాల్సిన పని దానికి సరిగ్గా ఉల్టా: బరువు పక్కకి లాగుతుంటే వంగకుండా, తిప్పుతుంటే తిరగకుండా మొండేన్ని కదలనివ్వకుండా పట్టుకోవడం. ఈ పనిలో ముందు కనిపించే పలకల కండరం ఒక్కటే కాదు, రెండు డొక్కల్లోని కండరాలు, వెన్ను వెంట ఉండేవి, పైన మూతలా ఉండే డయాఫ్రమ్, కింద అడుగులా ఉండే కటి కండరాలు అన్నీ కలిసి ఒక డబ్బాలా బిగుసుకోవాలి. క్రంచెస్ చెడ్డవని నేననను, ఆ ముందు కండరానికి అవి బాగానే పని చెబుతాయి. కానీ డబ్బాకి ఒక్క గోడే గట్టిపడితే మిగతా మూడు గోడల సంగతేంటి?

కింద చెప్పేదంతా వారానికి మూడు రోజులు, రోజుకి 25 నిమిషాల పని. కావాల్సినవి ఒక డంబెల్ లేదా కెటిల్‌బెల్, ఒక రెసిస్టెన్స్ బ్యాండ్, పది మీటర్లు నడిచే చోటు. డంబెల్ లేకపోతే గట్టి పట్టీలున్న సంచిలో పుస్తకాలు పెట్టుకోండి, లేదంటే మూత ఉన్న క్యాన్‌లో నీళ్లు పోసుకోండి. లీటరు నీళ్లంటే కిలో కాబట్టి తూకం వేసే పని కూడా ఉండదు.

ఒక్క మాట ముందే. హెర్నియా, బీపీ ఎక్కువగా ఉన్నవాళ్లు, గర్భిణులు, ఈమధ్యే కాన్పో ఆపరేషనో అయినవాళ్లు, నడుము నుంచి కాల్లోకి నొప్పి గానీ తిమ్మిరి గానీ దిగుతున్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టకండి.

మొదటి అడుగు: పొట్ట బిగించడం నేర్చుకోండి

జిమ్‌లో దీన్ని బ్రేసింగ్ అంటారు. అందరూ "ఆ, తెలుసులే" అని దాటేసేది ఇదే, కానీ మిగతా రెండూ దీని మీదే నిలబడతాయి. అందుకే మొదటి వారం దీనికి కాస్త ఎక్కువ టైమ్ ఇవ్వండి.

వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి, పాదాలు నేల మీద ఉండాలి. రెండు చేతుల వేళ్లనీ డొక్కల్లో, అంటే చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్య ఉండే మెత్తటి చోట గట్టిగా ఆనించండి. ఇప్పుడు ఒకసారి దగ్గండి. వేళ్ల కింద ఏదో బయటికి తన్నినట్టు అనిపిస్తుంది కదా, మీకు కావాల్సింది అదే. ఇక దగ్గకుండానే ఆ బిగువు తెప్పించండి. వేళ్లని లోపలి నుంచి బయటికి నెట్టాలి, ముందుకే కాదు, రెండు పక్కలకీ, వెనక నడుము వైపుకీ కూడా.

ఇక్కడ పదిమందిలో ఎనిమిది మంది చేసే పని పొట్టని లోపలికి పీల్చడం. ఫొటోకి పనికొస్తుందేమో గానీ బరువు మోయడానికి పనికిరాదు. గుడారం తాళ్లని నాలుగు వైపులా దూరంగా లాగి కడితే గుంజ నిలబడుతుంది, అవే తాళ్లని గుంజ మొదట్లో కట్టేస్తే పక్కకి ఒరిగిపోతుంది. వెన్నెముకకీ అంతే.

ఎంత బిగించాలి? ఎవరో కడుపులో గుద్దబోతున్నారు అన్నప్పుడు బిగుసుకునేదాన్ని పదికి పది అనుకోండి. పడుకుని చేసే ప్రాక్టీసుకి పదికి మూడు చాలు. బరువు పట్టుకుని నడిచేటప్పుడు నాలుగైదు. ప్రతిదానికీ పదికి పది పెడితే రెండు నిమిషాల్లో అలసిపోతారు, మెడ, దవడ కూడా బిగుసుకుపోతాయి.

అసలు చిక్కు ఊపిరితో వస్తుంది. బిగించమంటే చాలామంది ఊపిరి బిగబడతారు. గరిష్ఠ బరువు ఎత్తేవాళ్లు ఒకటి రెండు సెకన్లు కావాలనే అలా చేస్తారు, ఆ క్షణంలో బీపీ బాగా పెరుగుతుంది, వాళ్ల లెక్క వేరు. మనం ముప్పై సెకన్లు నడవాలి కాబట్టి బిగువు ఉండగానే ఊపిరి ఆడాలి. పడుకుని పదికి మూడు బిగించి, ముక్కుతో మెల్లగా పీల్చి, నోటితో మెల్లగా వదలండి. వదిలేటప్పుడు వేళ్ల కింద బిగువు సడలిందా? మొదట్లో సడలుతుంది. అది సడలకుండా వరసగా ఐదు ఊపిరులు తీయగలిగితే ఒక సెట్ అయినట్టు. అలాంటివి మూడు. పీల్చేటప్పుడు ఛాతీ పైకి ఉబికి పక్కటెముకలు తెరుచుకుంటున్నాయంటే గాలి పైపైనే ఆడుతోందని అర్థం. అప్పుడు బిగువు ఒక పాయింటు తగ్గించి మళ్లీ ప్రయత్నించండి.

పడుకుని వచ్చాక కూర్చుని, తర్వాత నిలబడి, ఆ తర్వాత నడుస్తూ చేయండి. నడుస్తూ బిగించినప్పుడు మీ అడ్రస్ మొత్తం ఆగకుండా పైకి చెప్పగలగాలి. మాట మధ్యలో తెగితే ఊపిరి ఆపేస్తున్నారన్నమాట. నేను ఇప్పటికీ బరువు పెంచిన ప్రతిసారీ ఇదే టెస్టు పెట్టుకుంటాను.

రెండో అడుగు: ఒంటిచేత్తో బరువు మోయండి

దీని పేరు సూట్‌కేస్ క్యారీ. ఒక చేతిలో బరువు, రెండో చెయ్యి ఖాళీ, నిటారుగా నడవడం, అంతే. చూడ్డానికి వ్యాయామంలా ఉండదు. మా అన్నయ్యకి చెబితే "సంచి మోయడం కూడా ఎక్సర్‌సైజేనా, ఏంట్రా నువ్వు!" అని నవ్వాడు. ఆయన సంగతి కింద చెబుతాను.

బరువు కుడిచేతిలో ఉందనుకోండి. అది మిమ్మల్ని కుడివైపు వంచాలని చూస్తుంది. వంగకుండా పట్టి ఉంచేది ఎడమ డొక్క, ఎడమ వైపు నడుము కండరాలు. చెయ్యి వెన్నుకి దూరంగా వేలాడుతుంది, ఆ కండరాలేమో వెన్నుకి బాగా దగ్గరగా ఉంటాయి. తూనిక కాటాలో ఒక కర్ర పొడుగ్గా, రెండోది పొట్టిగా ఉంటే పొట్టి వైపు ఎన్నో రెట్లు బరువు వేయాలి కదా, ఆ పొట్టి వైపు ఉన్నది మీ డొక్క. కెనడాలోని వాటర్‌లూ యూనివర్సిటీలో వెన్నునొప్పి మీద ఏళ్ల తరబడి పనిచేసిన స్టూవర్ట్ మెక్‌గిల్ బృందం 2013లో దీన్ని లెక్కగట్టింది. ఒక చేత్తో 30 కిలోలు మోసినప్పుడు వెన్ను మీద పడే భారం, రెండు చేతుల్లో 30 చొప్పున మొత్తం 60 మోసినప్పటి కన్నా ఎక్కువ ఉందట. అందుకే ఒంటిచేతి బరువుని చిన్నగా మొదలుపెట్టాలి. రెండు చేతులతో మోయగలిగే దాంట్లో సగం ఒక చేత్తో తేలిగ్గా మోసేయొచ్చు అనుకోవడం తప్పు. బకెట్ దగ్గర నా లెక్క కూడా అక్కడే తప్పింది.

ఎంతతో మొదలుపెట్టాలంటే, నా లెక్కలో ఒంటి బరువులో ఏడో వంతు. 70 కిలోల మనిషికి 10 కిలోలు. ఇదివరకు నడుము పట్టిన చరిత్ర ఉంటే అందులో సగం.

బరువుని నేల మీద కాకుండా స్టూలు మీద, మీ కాలి పక్కన పెట్టుకోండి. నేల మీది నుంచే ఎత్తాల్సి వస్తే నడుము వంచకుండా తుంటినీ మోకాళ్లనీ మడిచి కిందికి దిగండి. ముందు పొట్ట బిగించాలి, ఆ తర్వాతే పిడి పట్టుకుని లేవాలి. ఎత్తాక బిగించడం అంటే వాన వెలిశాక గొడుగు తెరవడమే. నిలబడ్డాక ఒక ఊపిరి తీసుకుని, మామూలు కన్నా కొంచెం చిన్న అడుగులు వేస్తూ, నిదానంగా నడవండి. పది మీటర్లు వెళ్లి, చిన్న అడుగులతో మొత్తం ఒళ్లు తిప్పుకుని, మళ్లీ పది మీటర్లు వెనక్కి రండి. దించేటప్పుడు కూడా పొట్ట బిగువుగానే ఉండాలి. సెట్ అయిపోయిందనే ధీమాతో ఒళ్లు వదిలేసి, పక్కకి వంగి దించేస్తాం చూడండి, దెబ్బ తగిలేది ఎక్కువగా అప్పుడే.

సరిగ్గా చేస్తున్నారో లేదో అద్దంలో తెలియదు. ఫోన్‌ని వెనక నడుము ఎత్తులో పెట్టి వీడియో తీయండి. అందులో రెండే చూడండి: భుజాల గీత, బెల్టు గీత. రెండూ నేలకి సమాంతరంగా ఉండాలి. మొండెం బరువు వైపు ఒరిగితే బరువు ఎక్కువైందని ఇట్టే తెలిసిపోతుంది. కానీ బరువు లేని వైపు ఒరగడం ఇంకా మోసపూరితం. చూసేవాళ్లకి "ఎంత బలంగా నిలబడ్డాడో" అనిపిస్తుంది గానీ, నిజానికి అలా ఒరిగి బరువుని కాళ్ల మీదికి జరుపుకుని డొక్కకి సెలవిచ్చేశారన్నమాట. బరువున్న వైపు భుజం చెవి దాకా ఎక్కినా, బరువు తొడకి రాసుకుంటూ ఆనుకుని ఉన్నా అదే దొంగతనం. చెయ్యికీ తొడకీ మధ్య రెండు వేళ్ల సందు ఉండాలి.

నీళ్ల క్యాన్ వాడేవాళ్లకి ఒక అదనపు లాభం ఉంది. నిండా పోయకుండా మూడొంతులు పోస్తే లోపల నీళ్లు తొణుకుతాయి, నడక ఎగుడుదిగుడైతే ఆ చప్పుడే పట్టిస్తుంది.

రెండు చేతుల్లో సమానంగా పట్టుకుని నడిస్తే అది ఫార్మర్స్ క్యారీ. అందులో పక్కకి లాగడం ఉండదు కాబట్టి ఎక్కువ బరువు పెట్టొచ్చు, పిడికిలికీ వీపుకీ బాగా పని పడుతుంది. డొక్కలకి మాత్రం ఒంటిచెయ్యే గురువు.

మూడో అడుగు: తిప్పుతుంటే తిరగకండి

యాంటీ రొటేషన్ అని పేరు పెద్దది గానీ మనకి ఇక్కడ ఒక్క వ్యాయామం చాలు, పాలఫ్ ప్రెస్. జాన్ పాలఫ్ అనే ఫిజికల్ థెరపిస్ట్ పేరు మీద వచ్చింది.

బ్యాండ్‌ని ఛాతీ ఎత్తులో గట్టి స్తంభానికో కిటికీ ఊచకో కట్టండి. తలుపుకి కట్టేట్టయితే మీరు లాగినప్పుడు తలుపు ఇంకా బిగిసే వైపు నిలబడి, గడియ వేసి మరీ కట్టండి, లేకపోతే తలుపు తెరుచుకుని బ్యాండు మొహాన కొడుతుంది. కట్టిన చోటికి పక్కగా, పాదాలు భుజాల వెడల్పున పెట్టి నిలబడండి. రెండు చేతులతో బ్యాండు పట్టుకుని ఛాతీకి ఆనించి, బ్యాండు సాగేదాకా పక్కకి జరగండి. పొట్ట బిగించండి. ఊపిరి వదులుతూ చేతుల్ని సూటిగా ముందుకి చాచండి, మూడు సెకన్లు అలాగే ఉంచండి, మెల్లగా వెనక్కి తెచ్చుకోండి. ఇలా ఒక పక్కకి ఎనిమిది సార్లు, తర్వాత అవతలి పక్కకి తిరిగి ఎనిమిది.

చేతులు ఛాతీ దగ్గర ఉన్నప్పుడు ఏమీ అనిపించదు. చాచేకొద్దీ బ్యాండు మిమ్మల్ని తిప్పే జోరు పెరుగుతుంది, ఎందుకంటే బ్యాండు లాగుడు మారకపోయినా చేతులు వెన్నుకి దూరమవుతున్నాయి. పొడుగు పిడి ఉన్న స్పానర్‌తో నట్టు తేలిగ్గా తిరుగుతుంది కదా, ఇక్కడ నట్టు మీరే. కాబట్టి పూర్తిగా చాచి ఆపే ఆ మూడు సెకన్లే అసలు వ్యాయామం. వాటిని మింగేసి గబగబా ముందుకీ వెనక్కీ ఆడిస్తే చేతులకి పని తప్ప ఇంకేం మిగలదు.

తప్పు జరుగుతోందని ఎలా తెలుస్తుందంటే, చాచిన చేతులు సూటిగా కాకుండా కట్టిన చోటి వైపు జారుతాయి. లేదా చేతులు సూటిగానే ఉండి తుంటి తిరిగిపోతుంది, ఇది కనిపెట్టడం కష్టం. మోకాళ్ల మీద నిలబడి చేసి చూడండి, కాళ్ల సాయం పోతుంది కాబట్టి బండారం బయటపడుతుంది. ఒకవేళ అలసటంతా భుజాల్లోనే తెలిసి పొట్టలో ఏమీ తెలియకపోతే బ్యాండు మీకు మరీ బలమైనది, ఒక అడుగు కట్టిన చోటి దగ్గరికి జరగండి. నిలబడిన చోట నేల మీద టేపు ముక్క అంటించుకుంటే వచ్చేసారి కూడా అంతే లాగుడు వస్తుంది. బ్యాండు ఎంత సాగితే అంత గట్టిగా లాగుతుంది కాబట్టి అర అడుగు తేడా కూడా లెక్కే.

వారం లెక్క

సోమవారం: పడుకుని బిగించే ప్రాక్టీసు ఐదేసి ఊపిరులు మూడు సార్లు, తర్వాత సూట్‌కేస్ క్యారీ ఒక్కో చేత్తో 20 మీటర్లు చొప్పున మూడు సెట్లు, చివర్లో పాలఫ్ ప్రెస్ పక్కకి ఎనిమిది చొప్పున రెండు సెట్లు. సెట్ల మధ్య నిమిషం విశ్రాంతి.

బుధవారం తేలిక రోజు, బరువులుండవు. సైడ్ ప్లాంక్ అంటే పక్కకి పడుకుని మోచేయి, పాదాల మీద ఒంటిని కర్రలా పైకి లేపి ఉంచడం. బర్డ్ డాగ్ అంటే చేతులు, మోకాళ్ల మీద ఉండి ఒక చేతినీ దానికి ఎదురు వైపు కాలినీ సూటిగా చాచడం. రెండింట్లోనూ పది సెకన్లు పట్టి ఉంచి, క్షణం వదిలి మళ్లీ పట్టాలి. మొదటి సెట్లో ఒక్కో పక్కకి ఐదు, రెండో సెట్లో నాలుగు, మూడో సెట్లో మూడు. ఇలా తగ్గుతూ పోయే పద్ధతి మెక్‌గిల్ చెప్పేదే, అలసట పెరిగే కొద్దీ సంఖ్య తగ్గుతుంది కాబట్టి ఆఖరి దాకా ఆకారం చెడదు. మూడు నిమిషాల ప్లాంక్ రికార్డుల మీద నాకు పెద్ద మోజు లేదు. రెండో నిమిషంలో నడుము ఊయలలా జారిపోయాక మిగిలేది మొండితనమే.

శనివారం: నిలబడి బిగించే ప్రాక్టీసు రెండు సార్లు, ఫార్మర్స్ క్యారీ 20 మీటర్లు నాలుగు సెట్లు, సూట్‌కేస్ క్యారీ ఒక్కో చేత్తో ఒకే ఒక్క సెట్టు, పాలఫ్ ప్రెస్ మోకాళ్ల మీద రెండు సెట్లు.

స్క్వాట్స్, డెడ్‌లిఫ్ట్స్ చేసేవాళ్లయితే ఇది వాటి తర్వాత పెట్టుకోండి, ముందు కాదు. అలసిపోయిన డొక్కలతో బార్ కిందికి వెళ్లడం మంచిది కాదు. అలాగే నిద్ర లేచిన మొదటి గంటలో వద్దు. రాత్రంతా పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి, ఆ టైమ్‌లో వంగితే వాటి మీద ఒత్తిడి మామూలు కన్నా ఎక్కువ పడుతుంది.

మా అన్నయ్య నాలుగు వారాలు

వయసు 44, బరువు 70 కిలోలు, రోజంతా కుర్చీ ఉద్యోగం. మొదటి సోమవారం 10 కిలోల డంబెల్ ఇచ్చాను. ఎడమచేతిలో పట్టుకున్నప్పుడు భుజాల గీత బాగానే ఉంది. కుడిచేతికి మార్చగానే మొండెం ఎడమకి ఒరిగింది, అంటే ఎడమ డొక్క పని తప్పించుకుంటోంది. వీడియో చూపిస్తే "నేను నిటారుగానే ఉన్నాను కదరా" అని ఒప్పుకోలేదు. రెండోసారి స్క్రీన్ మీద స్కేలు పెట్టి చూపించాను. ఇంకేమీ మాట్లాడలేదు.

బుధవారం సైడ్ ప్లాంక్‌లోనూ అదే తేలింది, కుడివైపు పది సెకన్లు ఐదుసార్లు నిలబడినవాడు ఎడమవైపు మూడోసారికే కింద పడ్డాడు. రెండో వారం బరువు 8 కిలోలకి దించాం, రెండు చేతులకీ. బలహీనమైన వైపు ముందు చేయాలి, అంటే బరువు ముందు కుడిచేతిలో. బలమైన వైపు కూడా దానితో సమానంగానే, ఒక్క సెట్టు కూడా ఎక్కువ కాదు. సెట్లు మూడు నుంచి నాలుగు చేశాం. ఆ వారం ఇంకో తప్పు బయటపడింది: అడ్రస్ చెప్పమంటే ఇంటి నంబరు దగ్గరే ఆగిపోయాడు, ఊపిరి బిగబట్టి నడుస్తున్నాడు. అందుకే ఆ వారమంతా బిగువు నాలుగు నుంచి మూడుకి తగ్గించమన్నాను.

మూడో వారం మళ్లీ 10 కిలోలు, ఈసారి గీతలు రెండు వైపులా సరిగ్గా ఉన్నాయి, మాట కూడా తెగలేదు. నాలుగో వారం 12. శనివారం ఫార్మర్స్ క్యారీ మొదట్లో చేతికి 12 చొప్పున మొదలై 18 చొప్పున దాకా వెళ్లింది, అక్కడ నడుము కన్నా ముందు పిడికిలి జారింది. పిడికిలి జారితే సెట్టు అక్కడితో ఆపేయాలి, వేళ్లతో కొక్కెంలా వేలాడదీసి లాగితే భుజం కూడా జారుతుంది.

బరువు పెంచే నియమం ఒకటే పెట్టుకున్నాం: వరసగా రెండు సెషన్లలో అన్ని సెట్లూ గీత చెడకుండా, మాట తెగకుండా పూర్తయితేనే 2 కిలోలు పెంచాలి. ఒక్క సెట్టులో ఒరిగినా ఆ వారం అదే బరువు. మర్నాడు డొక్కల్లో పట్టేసినట్టు తియ్యగా నొప్పి ఉంటే మామూలే. నడుము మధ్యలో, ఎముక దగ్గర పోటులా ఉంటే మాత్రం రెండు మూడు రోజులు ఆపి, తగ్గాక సగం బరువుతో మొదలుపెట్టాలి. కాల్లోకి దిగితే ఇక డాక్టరే.

ఐదో వారం నుంచి శనివారం ఫార్మర్స్ క్యారీలో రెండు చేతుల్లో వేర్వేరు బరువులు పెట్టాం, ఒకవైపు 16, ఇంకోవైపు 10, సెట్టు సెట్టుకీ చేతులు మారుస్తూ. అన్నయ్య ఇప్పుడు వీడియో నన్ను అడక్కుండానే తీసుకుంటున్నాడు, స్కేలు మాత్రం నా చేతికిస్తాడు.